ఆ మాట ఏ పుస్తకంలోది? అమ్మమ్మ చెప్పిన సగం వాక్యం వెంట వారం రోజులు

మా అమ్మాయి నాలుగో తరగతి. డాలస్ దగ్గర ఉంటాం. కిందటి అక్టోబరులో వాళ్ల టీచర్ ఒక పని ఇచ్చింది: మీ ఇంట్లో పెద్దవాళ్లు తరచుగా చెప్పే మాట ఒకటి రాయండి, అది ఎక్కడ నుంచి వచ్చిందో కూడా రాయండి. పిల్ల ఆలోచించుకునే పని లేకుండా అమ్మమ్మ మాట రాసేసుకుంది. పక్కింటి కుర్రాడు బంతితో మా తులసి కుండీ పగలగొట్టిన రోజున ఇది కోపంతో ఊగిపోతుంటే, ఫోన్లో అమ్మ అన్న మాట అది. "నిన్నువలె నీ పొరుగువాని... ఏదో ఉందే, ప్రేమించమని. చిన్నప్పుడు బళ్లో రోజూ చెప్పించేవాళ్లు."

ఎక్కడిది అన్న గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. మా ఆయన లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండానే "గీతలోది" అన్నారు. పిల్ల పెన్నుతో రాసేసింది. నాకు అనుమానంగా ఉన్నా అప్పటికి ఊరుకున్నాను. అదే పొరపాటు.

మరుసటి రోజు పక్కింటి పెద్దావిడ గేటు దగ్గర కనిపిస్తే మా అమ్మాయి గొప్పగా ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ యూదులు, తోరా వాళ్ల పవిత్ర గ్రంథం. నవ్వి, "అది మా తోరాలోది కదా, వాయిక్రాలో ఉంటుంది" అంది. పిల్ల ఇంటికి వచ్చి "అమ్మా, నాన్న చెప్పింది తప్పా?" అని అడిగింది. అమ్మకు ఫోన్ చేస్తే "వాయిక్రా ఏంటే, బైబిల్లోది. యేసుప్రభువు చెప్పిన మాట" అంది. అమ్మ గుంటూరు వైపు మిషన్ బడిలో చదువుకుంది. మేం క్రైస్తవులం కాదు, అయినా ఆ బడి పాఠాలు అమ్మ నోట్లో ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

ఒకే వాక్యానికి మూడు చిరునామాలు. ఇక కూర్చున్నాం.

ముందు అమ్మ చెప్పిన మాటలో ఏ పదాలు కచ్చితంగా గుర్తున్నాయో కాగితం మీద రాయించాను. "నిన్నువలె" కచ్చితం. "పొరుగువాని" కచ్చితం. "ప్రేమ" ఉంది, చివర "వలెను" అని వచ్చేదేమో అని అమ్మకు అనుమానం. ఈ "వలెను" నాకు పెద్ద ఆధారంలా అనిపించింది. పాత తెలుగు బైబిల్ మాట తీరు అది. కొత్త అనువాదాల్లో వాక్యం వేరేగా ఉంటుంది కాబట్టి, అమ్మ మాటను వెతకాలంటే పాత అనువాదంలోనే వెతకాలి.

తర్వాత మా ఆయన గీత సంగతి తేల్చాను. ఆయన మనసులో ఉన్నది ఆరో అధ్యాయం 32వ శ్లోకం: "ఆత్మౌపమ్యేన సర్వత్ర సమం పశ్యతి యోఽర్జున". అన్ని ప్రాణుల సుఖదుఃఖాలనూ తనతో పోల్చుకుని సమానంగా చూసేవాడే ఉత్తమ యోగి అని దాని సారం. దగ్గర దగ్గర భావమే, కాదనను. కానీ అక్కడ పొరుగువాడు లేడు, ప్రేమించు అనే ఆజ్ఞ లేదు. భావం కలిసిందని మూలం అదే అనుకోవడం దగ్గరే ఇలాంటి వెతుకులాటలు దారి తప్పుతాయి. పిల్లకు ఇది ఎలా చెప్పాలో తెలియక, "ఇద్దరు మనుషులు ఒకేలా ఉన్నంత మాత్రాన వాళ్ల ఇంటి నంబరు ఒకటి కాదుగా" అన్నాను. అర్థమైంది.

తర్వాత వెతకడం. మొదట `పొరుగువాని` అని టైప్ చేశాం. అది పనికిరాలేదు, ఎందుకంటే ఆ పదం బైబిల్లో ఎన్నో చోట్ల ఉంది. పది ఆజ్ఞల్లోనే, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదు అన్నది నిర్గమకాండము 20:16, అతని ఇంటిని ఆశించకూడదు అన్నది 20:17. అందరూ వాడే పదంతో వెతికితే ఇలాగే కుప్ప వచ్చి పడుతుంది. `నిన్నువలె` అని మార్చి వెతికితే కుప్ప చిన్నదైపోయింది. లేవీయకాండము 19:18, మత్తయి 19:19, మళ్లీ మత్తయి 22:39, మార్కు 12:31, లూకా 10:27, రోమీయులకు 13:9, గలతీయులకు 5:14 వరసగా కనిపించాయి. యాకోబు పత్రిక 2:8లోనూ ఇదే ఆజ్ఞ ఉంది గానీ ఆ ఇంగ్లీషు వాక్యంతో వెతికితే గానీ తగల్లేదు, తెలుగులో ఒక అక్షరం తేడా వచ్చినా వెతుకులాట జారిపోతుంది.

వీటిలో అన్నిటికన్నా పాతది లేవీయకాండం. మిగతావన్నీ దాన్ని ఎత్తి చెప్పేవే. పక్కింటావిడ చెప్పిన వాయిక్రా అంటే ఇదే పుస్తకం, హీబ్రూలో దాని మొదటి మాట పేరుగా పెట్టుకున్నారు. అంటే ఆవిడా తప్పు కాదు, అమ్మా తప్పు కాదు. తప్పు మా ఆయనది ఒక్కరిదే అని తేలేసరికి ఇంట్లో ఒక పూట మంచి సందడి.

మా అమ్మాయి ఇక్కడ ఒక ప్రశ్న వేసింది. యేసు ఆ మాట చెప్పినప్పుడు "పంతొమ్మిదో అధ్యాయం, పద్దెనిమిదో వచనం" అన్నాడా? అనలేదు, అనగలిగే వీలూ లేదు. అప్పటికి ఆ నంబర్లే లేవు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లీషు మతగురువు చేసిందని చెబుతారు. బైబిల్లో యేసు గురించి చెప్పే భాగం కొత్త నిబంధన, దానికి మనం వాడే వచనాల అంకెలు రాబేర్ ఎతియెన్ అనే ముద్రాపకుడు 1551లో వేసిన ప్రతితో వచ్చాయి. తెలుగు బైబిల్లో తోరానే ధర్మశాస్త్రం అంటారు, అంతకుముందు వాళ్లకు "ధర్మశాస్త్రంలో ఏమని రాసి ఉంది?" అని అడిగితే సరిపోయేది. "మరి గుర్తు ఎలా పెట్టుకునేవాళ్లు?" అంది పిల్ల. నోటికి వచ్చేసేది కాబట్టి. అమ్మమ్మకు వచ్చినట్టే.

ఇంతకీ అమ్మకు వచ్చింది ఏ చోటిది? మూలం లేవీయకాండమే అయినా, అమ్మ నేర్చుకున్నది అక్కడి నుంచి కాకపోవచ్చు. దాన్ని తేల్చాలంటే ఆ వాక్యం చుట్టుపక్కల ఏమి గుర్తుందో అడగాలి. ఫోన్ చేశాను. మాకు రాత్రి ఎనిమిదిన్నర, అమ్మకు మర్నాడు ఉదయం ఏడు. కాఫీ తాగుతోంది.

"అమ్మా, ఆ మాటకు ముందో వెనకో ఇంకేమైనా చెప్పేవాళ్లా?"

"కథ ఉండేదే. దారిలో దొంగలు కొట్టి పడేస్తారు ఒకణ్ణి. ఒకడు చూసి పక్క నుంచి పోతాడు, ఇంకోడూ పోతాడు. మూడోవాడు ఆగి, నూనె పోసి, పూటకూళ్లవాడి ఇంటికి తీసుకెళ్తాడు. పూటకూళ్లు అంటే ఏంటి టీచరమ్మా అని నేనే అడిగా."

అయిపోయింది, లూకా పదో అధ్యాయం. యెరూషలేము నుంచి యెరికోకు వెళ్లే దారిలో జరిగిన ఆ కథ, ఆగిన మూడోవాడు సమరయుడు కాబట్టి సమరయుడి కథ అంటారు, యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తల్లోనూ లూకాలో మాత్రమే ఉంది, 30 నుంచి 37 వచనాల వరకు. పూటకూళ్లవాడు కూడా అక్కడే, పాత అనువాదంలో, అదే మాటతో ఉన్నాడు. అమ్మకు గుర్తున్న వాక్యం లూకా 10:27.

మత్తయిలో, మార్కులో అయితే కథ లేదు. మత్తయి 22లో ఒక ధర్మశాస్త్రం తెలిసినవాడు ముఖ్యమైన ఆజ్ఞ ఏది అని అడుగుతాడు, యేసు దేవుణ్ణి ప్రేమించడం మొదటిది, పొరుగువాణ్ణి ప్రేమించడం రెండోది అంటాడు. మార్కు 12లో అడిగినవాడు ఆ జవాబుకు ఒప్పుకుని, ఇది బలుల కన్నా గొప్పది అని తనే మళ్లీ చెబుతాడు. రోమీయులకు, గలతీయులకు పౌలు రాసిన పత్రికల్లో అయితే ధర్మశాస్త్రం అంతా ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది అన్న వాదన చుట్టూ ఉంటుంది. కాబట్టి "రెండో ఆజ్ఞ" అని గుర్తుంటే మత్తయినో మార్కునో చూడాలి, "ఒక్క మాటలో" అని గుర్తుంటే గలతీయులకు రాసిన పత్రిక చూడాలి, దొంగలో పూటకూళ్లవాడో గుర్తుంటే లూకా.

లూకా తెరిచి మా అమ్మాయితో పైనుంచి చదివిస్తే ఒక చోట ఆగింది. "అమ్మా, ఇది యేసు చెప్పలేదు!" నిజమే. లూకాలో ఆ మాట అన్నది అడగడానికి వచ్చినవాడే. నిత్యజీవం కావాలంటే ఏం చేయాలి అని అతను అడిగితే, ధర్మశాస్త్రంలో ఏముందో నువ్వే చెప్పు అని యేసు ప్రశ్న వెనక్కి తిప్పుతాడు, అప్పుడు అతను అప్పజెబుతాడు. "సరిగ్గా చెప్పావు" అనడమే యేసు పని. ఆ తర్వాత 29వ వచనంలో అతను "నా పొరుగువాడెవడు" అని అడిగితే కథ మొదలవుతుంది. అమ్మ ఇన్నేళ్లూ ఆ వాక్యాన్ని ఆయన నోట్లోనే పెట్టుకుంది, మత్తయిలో ఆయన నోటి నుంచే వస్తుంది కాబట్టి ఆ కలయిక అర్థమవుతుంది. ఒక్క వచనం బొమ్మ మీద చూసి వదిలేయకుండా రెండు మూడు వచనాలు పైనుంచి చదివితేనే ఎవరి మాటో తెలుస్తుంది. ఫోన్లలో తిరిగే శుభోదయం బొమ్మల్లో ఈ మాట కింద మత్తయి 7:12 అని వేసింది కూడా నేను చూశాను. అక్కడ ఉన్నది వేరే మాట: మనుషులు మీకు ఏమి చేయాలని కోరుకుంటారో అదే మీరు వాళ్లకు చేయండి అని.

ఆ వేరే మాట విని పక్కింటావిడ మరో సంగతి చెప్పింది. హిల్లెల్ అనే గురువును ఒకడు ఒంటికాలి మీద నిలబడి ఉండగానే తోరా అంతా నేర్పమన్నాడట. "నీకు ఏది అసహ్యమో అది తోటివాడికి చేయకు, మిగతాదంతా వ్యాఖ్యానం, పోయి నేర్చుకో" అన్నాడట ఆయన. అది యూదు గురువుల చర్చలు ఉన్న తాల్ముదు అనే గ్రంథంలో, షబ్బాత్ అనే భాగంలో 31ఎ దగ్గర ఉంది. ఆవిడ చెబుతుంటే నాకు తిక్కన గారి పద్యం నోటికి వచ్చేసింది:

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబునకగు దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథముల కెల్లన్

గేటు దగ్గర నిలబడి ఆవిడకు అర్థం చెబితే, మళ్లీ చదవమంది. ఈ రెండూ చేయకు అని చెప్పేవి, లేవీయకాండం ప్రేమించు అని చెప్పేది. వెతికేటప్పుడు ఈ రెండు కుటుంబాలనూ వేరుగా పెట్టుకోవాలి.

ఇక లేవీయకాండం 19 పూర్తిగా చదివాం. పొలం అంచులు కోయకుండా బీదలకు వదలమంటుంది, కూలివాడి జీతం తెల్లారేదాకా ఉంచుకోవద్దంటుంది, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దంటుంది. రెండు రకాల నూలు కలిపిన బట్ట వేసుకోవద్దని 19వ వచనంలో ఉంటే మా అమ్మాయి తన టీషర్టు లేబుల్ తిప్పి చూసుకుని "నేను అయిపోయాను" అని పడి పడి నవ్వింది. మేం వెతుకుతున్న 18వ వచనం దానికి సరిగ్గా పైనే ఉంది. అందులో వాక్యం "నీ ప్రజలమీద కోపముంచుకొనక" అని మొదలై పొరుగువాడి దగ్గరకు వస్తుంది, అంటే అక్కడ తనవాళ్లే. చదువుతూ 34కు వచ్చేసరికి అదే "నిన్నువలె" మళ్లీ తగిలింది: మీ మధ్య ఉండే పరదేశిని కూడా నిన్నువలె ప్రేమించు, మీరూ ఐగుప్తులో పరదేశులుగా ఉన్నారు అని.

"పరదేశి అంటే మనమేనా?" అంది పిల్ల. నేను, మీ నాన్న అవును అన్నాను. "నేను ఇక్కడే పుట్టాను కాబట్టి నేను 18, మీరు 34" అని లెక్క తేల్చేసింది.

కాగితం మీద పెన్నుతో రాసిన "గీత" కొట్టేసి, పక్కన రాసింది: మొదట లేవీయకాండము 19:18, మా అమ్మమ్మకు లూకా 10:27 నుంచి. గడి చిన్నది కావడంతో అంకెలు అంచు దాటిపోయాయి. ఫోన్లో చదివి వినిపిస్తే అమ్మ, "మా టీచరమ్మ నంబర్లు అడిగితే నేను ఎప్పుడూ తప్పే చెప్పేదాన్ని" అంది.