చెవి వెనక టైటానియం స్క్రూ: నా అనుభవం

నిన్న సాయంత్రం నాగోల్ నుంచి ఇంటికి వస్తుంటే మా ఆవిడ పక్క సీట్లోంచి మామూలు గొంతుతో "ఏమండీ, పాలు తీసుకోవాలి, కాస్త ఆపండి" అంది. నేను కారు పక్కకు తీసి ఆపాను. తను నా వైపే చూస్తూ ఉండిపోయింది. కారు నడిపేవాడికి పక్క సీటు ఎడమవైపు ఉంటుంది. నా ఎడమ చెవి పూర్తిగా పోయి ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్లూ కుడి చెవి కిటికీ వైపు హారన్లు వింటుంటే, తను చెప్పినవన్నీ గాలిలో కలిసిపోయేవి. ఎడమ చెవి వెనక ఎముకలో స్క్రూ వేసి, దాని మీద వినికిడి మిషన్ బిగించి నెల అయింది కాబట్టి, అన్నీ గుర్తున్నప్పుడే రాసేస్తున్నాను.

నాకు నలభై నాలుగేళ్లు, ఇంటర్ కాలేజీలో లెక్చరర్ని. ఒకరోజు పొద్దున్నే ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుంటే అవతల మనిషి లేనట్టే ఉంది. గుబిలి పట్టిందనుకుని మెడికల్ షాపులో చుక్కల మందు కొని మూడు వారాలు వేసుకున్నాను. ఆ మూడు వారాలు నాకు తిరిగి రావు. చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మొదటి రెండు వారాల్లోపే స్టెరాయిడ్ మందు మొదలుపెట్టాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గిపోతుంది. ఒక్క రోజు కూడా చూడకుండా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి.

అసలు కథ మా ఇంటి దగ్గరి ఒక క్లినిక్‌లో మొదలైంది. అక్కడ హెడ్‌ఫోన్ పెట్టి 'కూ' మనే శబ్దాలు వినిపించారు. ఎడమ చెవికి ఇస్తున్నప్పుడు 65 డెసిబెల్స్ దగ్గర నాకు సన్నగా వినిపించి చెయ్యి ఎత్తాను. తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న బిళ్ల లాంటిది ఆనించి పరీక్ష చేశారు. దానికి 10 డెసిబెల్స్ దగ్గరే చెయ్యి ఎత్తాను. డాక్టర్ గారు కాగితం చూసి "లోపలి చెవి బ్రహ్మాండంగా ఉంది. మధ్య చెవిలో ఎముక బిగుసుకుంది. చిన్న ఆపరేషన్‌తో తెరుచుకుంటుంది" అన్నారు. ట్యూనింగ్ ఫోర్క్ కూడా వాడారు. చెవి వెనక ఆనిస్తే వినిపించింది, చెవి ముందు పెడితే వినిపించలేదు. "చూశారా, అదే ఇదీ" అన్నారు. ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు, అడ్వాన్సూ కట్టాను.

మా ఫిజిక్స్ లెక్చరర్ బలవంతం చేయబట్టి రెండో అభిప్రాయానికి ఇంకో చోటికి వెళ్లాను. నా జీవితంలో అంత అవమానం మరెక్కడా పడలేదు. అక్కడ కుడి చెవిలో వాన పడుతున్నట్టు 'సుయ్' మనే హోరు పెట్టి, ఎడమ చెవికి శబ్దాలు ఇచ్చారు. ఏమీ వినిపించలేదు. ఎంత పెంచినా వినిపించలేదు. టెస్ట్ చేస్తున్న అబ్బాయి నా పాత రిపోర్టు తీసి చూసి, గది తలుపు తెరిచి, బయట బెంచీల మీద ఇరవై మంది కూర్చుని ఉండగా గట్టిగా అన్నాడు: "ఏం సార్, పోయిన వారం 65కి వినిపించింది, ఇవాళ 110కి కూడా వినిపించట్లేదంటారా? వికలాంగుల సర్టిఫికెట్ కావాలంటే చెప్పండి, ఇలా టైమ్ వేస్ట్ చేయకండి." వాళ్లలో నా పాత స్టూడెంట్ తండ్రి ఒకాయన ఉన్నాడు. ఆయన తల దించుకోవడం చూశాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకి కాపీ కొట్టొద్దని చెప్పిన మనిషిని. ఒక్క మాట బయటికి రాలేదు.

కాసేపటికి అక్కడి సీనియర్ ఆడియాలజిస్టు మేడమ్ నన్ను లోపలికి పిలిచి, రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి అరగంట చెప్పారు. ఆవిడ చెప్పింది ఇది. శబ్దం మనకి రెండు దారుల్లో అందుతుంది. ఒకటి గాలి దారి: చెవి రంధ్రం, కర్ణభేరి, దాని వెనక మూడు చిన్న ఎముకలు, అక్కడి నుంచి నత్త ఆకారంలో ఉండే కాక్లియా. రెండోది ఎముక దారి: పుర్రె అదిరితే కాక్లియా కూడా నేరుగా అదురుతుంది, కర్ణభేరితో పని లేదు. అప్పడం నములుతుంటే ఆ శబ్దం పక్కవాళ్లకంటే మనకే గట్టిగా వినిపించేది అందుకే. పుర్రె అంతా ఒకటే గట్టి పెంకు కాబట్టి ఎడమ పక్క ఎముక అదిరితే కుడి పక్క కాక్లియా కూడా దాదాపు అంతే అదురుతుంది. దాటడంలో పోయేది 10 డెసిబెల్స్ లోపే, ఒక్కోసారి అసలేమీ పోదు.

ఇప్పుడు నా మొదటి రిపోర్టు అర్థమైంది. ఎడమ చెవి వెనక ఎముక మీద ఇచ్చిన 10 డెసిబెల్స్ శబ్దాన్ని విన్నది నా కుడి కాక్లియా. హెడ్‌ఫోన్ శబ్దం కూడా బాగా పెంచితే పుర్రెను అదిరించి అవతలికి పోతుంది, కాకపోతే దారిలో చాలా తగ్గుతుంది. నాకు 55 డెసిబెల్స్ దాకా తగ్గింది. అంటే ఎడమ చెవికి 65 ఇస్తే కుడి చెవికి 10 అందింది, నేను నిజాయితీగా చెయ్యి ఎత్తాను. ఆ కాగితం మీద ఉన్నది నా ఎడమ చెవి కాదు, నా కుడి చెవి నీడ. షాడో కర్వ్ అనే అంటారట దాన్ని. ఆ నీడ పడకుండా మంచి చెవిని హోరుతో మూసి ఉంచడమే మాస్కింగ్. ట్యూనింగ్ ఫోర్క్ కూడా అలాగే మోసం చేసింది. దాన్ని నుదుటి మధ్యలో పెట్టి 'ఏ వైపు వినిపిస్తోంది' అని ఒక్క మాట అడిగి ఉంటే తేలిపోయేది. మధ్య చెవి బిగుసుకుంటే శబ్దం చెడ్డ చెవి వైపు లాగుతుంది, లోపలి చెవి చచ్చిపోతే మంచి చెవి వైపు పోతుంది. నాకు కుడివైపే పోయింది. మొదటి క్లినిక్‌లో ఎవరూ అడగలేదు. చచ్చిపోయిన చెవికి ఆపరేషన్ చేసేవాళ్లు.

మీ రిపోర్టు మీరే చూసుకోండి. ఎడమ చెవి గాలి గీత మీద ఇంటూ గుర్తులు ఉంటే మాస్కింగ్ చేయలేదని, చిన్న చతురస్రాలు ఉంటే చేశారని అర్థం. కుడి చెవికైతే సున్నా, త్రిభుజం. రెండు చెవుల మధ్య 40 డెసిబెల్స్ అంత తేడా ఉండి చతురస్రమో త్రిభుజమో లేకపోతే ఆ కాగితాన్ని నమ్మి కత్తి కిందికి వెళ్లొద్దు. ఇక నటిస్తున్నారని అనుమానం ఉంటే దానికీ స్టెంగర్ అని ఒక పరీక్ష ఉంది. ఒకే శబ్దాన్ని రెండు చెవులకీ ఒకేసారి ఇస్తారు, చెడ్డదన్న చెవికి ఎక్కువగా. నటించేవాడికి ఎక్కువ ఉన్న వైపే వినిపించి నోరు మూసుకుంటాడు. నిజంగా చెవి పోయినవాడు మంచి చెవితో విని చెయ్యి ఎత్తుతాడు. ఐదు నిమిషాల పని. ఆ పని చేయకుండా మనిషిని నలుగురిలో దొంగ అనడం తప్పు. ఎవరైనా సరే, నేను క్షమించను. నాకు తర్వాత స్టెంగర్, తలకి వైర్లు పెట్టి చేసే బెరా పరీక్ష రెండూ చేశారు. బెరాలో ఎడమవైపు శబ్దానికి నరం స్పందించిన అల ఒక్కటీ లేదు. నరం మీద గడ్డ ఏమైనా ఉందేమోనని ఎంఆర్ఐ తీశారు, లేదు.

ఏ పుర్రె దారి నన్ను దొంగని చేసిందో, అదే దారి మీద నడిచే మిషన్ ఒకటుందని చెప్పింది కూడా ఆ మేడమే. చెవి వెనక ఎముకలో 4 మిల్లీమీటర్ల టైటానియం స్క్రూ వేస్తారు. ఎముక టైటానియాన్ని తనలో కలుపుకుని అతుక్కుంటుంది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన సంగతి ఇది. పళ్లకి వేసే ఇంప్లాంటుకీ ఆధారం అదే. చెవి కోసం మొదట వాడింది 1977లో, గోథెన్‌బర్గ్‌లో. ఒక్క చెవి పోయినవాళ్లకి అమెరికాలో అనుమతి వచ్చింది 2002లో. ఎడమ పక్క మైకు విన్న మాటను మిషన్ అదురుగా మార్చి స్క్రూకి ఇస్తుంది, ఆ అదురు పుర్రె దాటి కుడి కాక్లియాకి చేరుతుంది. చచ్చిన చెవి బతకదు. ఆ వైపు మాట మంచి చెవికి అందుతుంది, అంతే. అందుకే మంచి చెవి నిజంగా మంచిదై ఉండాలి, 20 డెసిబెల్స్ లోపు వినాలి.

దయచేసి ట్రయల్ లేకుండా డబ్బు కట్టకండి. నాకు అదే మిషన్‌ని తల చుట్టూ బ్యాండ్‌తో బిగించి పది రోజులు ఇచ్చారు. బూత్‌లో పరీక్ష ఇలా జరిగింది. ఎడమ నుంచి మాటలు, కుడి నుంచి రొద. మిషన్ లేకుండా 25 మాటల్లో 11 పట్టుకున్నాను, మిషన్‌తో 19. తర్వాత తిప్పి, మాటలు కుడి నుంచి, రొద ఎడమ నుంచి ఇచ్చారు. మిషన్ లేకుండా 22, మిషన్‌తో 17. అంటే చెడ్డ చెవి వైపు రొద ఉంటే మిషన్ ఆ రొదనే మోసుకొచ్చి మంచి చెవిలో పోస్తుంది. సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్‌లో ఎడమ పక్కన వంటిల్లు పెట్టుకుని కూర్చుంటే కప్పులూ సాసర్లూ తలలోపల మోగాయి, ఎదురుగా ఉన్న తమ్ముడి మాట పోయింది. అప్పుడు మిషన్ ఆపేయడమో, కుర్చీ మార్చడమో చేయాలి. బ్యాండ్ మీద స, శ, త లాంటి సన్నని శబ్దాలు కొంచెం మందంగా వినిపిస్తాయి. మధ్యలో ఉన్న చర్మం వాటిని మింగేస్తుంది. స్క్రూ మీద నేరుగా బిగిస్తే ఆ తేడా పోతుంది.

ఆపరేషన్ ముప్పావు గంట, మత్తు అక్కడి వరకే. డ్రిల్ తిరుగుతున్నంతసేపూ నీళ్లు పోస్తూనే ఉన్నారు, వేడెక్కితే ఎముక కణాలు చచ్చిపోయి స్క్రూ అతుక్కోదట. మూడు నెలలు ఆగి మిషన్ బిగించారు. ఖర్చు అంతా కలిపి ఐదు లక్షలు దాటింది. వికలాంగుల సర్టిఫికెట్‌తో ఏదైనా సాయం వస్తుందేమోనని వెళ్తే, లెక్కలో మంచి చెవికి ఐదు వంతులు, చెడ్డ చెవికి ఒక వంతు. మంచి చెవికి సున్నా, చెడ్డదానికి నూరు వేస్తే ఆరుతో భాగించి 17 శాతం లోపే. కావలసింది 40. ఒక చెవి పోయినవాళ్లు ఆ లైన్లో నిలబడి ఒక రోజు సెలవు పోగొట్టుకోకండి.

స్క్రూ చుట్టూ రోజూ మెత్తని బ్రష్‌తో సబ్బు నీళ్లు పెట్టి కడుగుతాను. రెండో వారంలో ఒకసారి చర్మం ఎర్రబడి చెమ్మ వచ్చింది, ఆయింట్‌మెంట్‌తో తగ్గింది. నొప్పి, చీము కనిపిస్తే మాత్రం ఆగకూడదు. హెల్మెట్ పెట్టుకునేటప్పుడు మిషన్ తీసి జేబులో వేసుకోవాలి, తగిలితే ఈల వేస్తుంది.

ఒక్కటి మాత్రం రాలేదు. శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియాలంటే రెండు కాక్లియాలు పని చేయాలి, నాకు పని చేసేది ఒకటే. ఫోన్ మోగితే ఇప్పటికీ ఇల్లంతా వెతుకుతాను. మా అమ్మాయి ఈమధ్య నన్ను పిలిచే తీరు మార్చుకుంది. ముందు "నాన్నా, వంటింట్లో ఉన్నా" అని చెప్పి, ఆ తర్వాతే సంగతేంటో చెప్తుంది.