నెలసరికి ముందు పెరిగే షుగరు, నెలసరి రోజు పడిపోయే షుగరు

నాకు టైప్ వన్ షుగరు బడి రోజుల నుంచే ఉంది. నల్లగొండలో బ్లౌజులు కుట్టే చిన్న దుకాణం నడుపుతున్నాను. పరగడుపున 110, 130 మధ్య ఉండే షుగరు నెలలో కొన్నాళ్లు ఊరికే 200 దాటేది. తినేది అదే జొన్నరొట్టె, రాత్రి పదింటికి వేసుకునేది అదే 18 యూనిట్ల గ్లార్జిన్, రోజంతా మెల్లగా పని చేసే ఇన్సులిన్. అమ్మేమో "మళ్లీ ఏమి తిన్నావే?" అంటూ డబ్బాలు వెతికేది. అప్పట్లో చూపించుకున్న డాక్టరు గారూ అదే ప్రశ్న కాస్త మర్యాదగా అడిగారు.

తర్వాత చూసిన డాక్టరమ్మ మాత్రం, "షుగరు అంకె పక్కన నెలసరి ఎన్నో రోజో కూడా రాసుకోండమ్మా, మూడు నెలల తర్వాత చూద్దాం" అన్నారు. ఒక నెల లెక్క చూస్తే ఏమీ తెలియలేదు. మూడింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే విషయం బయటపడింది. నెలసరికి నాలుగైదు రోజుల ముందు అంకెలు ఎక్కడం మొదలై, నెలసరి రాగానే ధబేలున కింద పడుతున్నాయి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ పెరుగుతుందనీ, అప్పుడు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పని చేయదనీ, నెలసరి దగ్గరపడి ఆ హార్మోను తగ్గగానే మళ్లీ మామూలుగా పని చేస్తుందనీ ఆవిడ చెప్పారు. అందరికీ ఇలా ఉండదు. మిర్యాలగూడలో నాలాగే టైప్ వన్ ఉన్న స్నేహితురాలు కూడా ఇలాగే రాసి చూసింది, ఆమెకు ఏ తేడా కనిపించలేదు.

మామూలు రోజుల్లో భోజనం ముందు వేసే ఇన్సులిన్ ఒక యూనిట్ నాకు సుమారు 50 తగ్గిస్తుంది. 1800ని రోజు మొత్తం యూనిట్లతో భాగించి వేసే లెక్క ఇది, నావి 36. నెలసరికి ముందు అదే యూనిట్ 30 తగ్గిస్తే గొప్ప. తగ్గలేదని గంటకోసారి పొడుచుకుంటే, నాలుగు గంటలదాకా పని చేసే మందు ఒకదాని మీద ఒకటి చేరి అర్ధరాత్రి కింద పడేస్తుంది. అందుకని డాక్టరమ్మ గ్లార్జిన్‌నే సుమారు పది శాతం, అంటే 18 నుంచి 20కి పెంచమన్నారు. పెంచాక పరగడుపు షుగరు 150 దగ్గర నిలిచింది.

పెంచడం తేలికే, దించడమే చిక్కు. రాత్రి వేసిన 20 యూనిట్లు మర్నాడు రాత్రిదాకా ఒంట్లోనే ఉంటాయి. తెల్లవారి నెలసరి వస్తే వాటిని వెనక్కి తీయలేం కదా. బతుకమ్మ పండుగ ముందు, దుకాణం నిండా బట్టలు పడి ఉన్న సమయంలో ఒకరోజు సూదిలోకి దారం ఎంతకీ ఎక్కలేదు. కళ్లద్దాలు మార్చుకున్నా లాభం లేదు. వణుకుతున్నది చెయ్యి అని అర్థమై చూసుకుంటే 58. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకొని తాగి, పావుగంట ఆగి చూస్తే 84. ఆ సాయంత్రమే నెలసరి వచ్చింది.

ఆ తర్వాత డాక్టరమ్మ గ్లార్జిన్ వేళను ఉదయానికి మార్చారు. ఇప్పుడు ముందు పరగడుపు షుగరు చూసి, తర్వాతే పెన్ను తిప్పుతాను. నాలుగైదు రోజులు 160, 170 చూపించిన మీటరు ఒక ఉదయం హఠాత్తుగా 105 అంటే, నెలసరి ఇంకా కనబడకపోయినా ఆ రోజే 18కి దిగిపోతాను, మధ్యాహ్నం భోజనం ముందు ఇన్సులిన్‌లోనూ ఒక యూనిట్ తగ్గిస్తాను. నాకు నెలసరి ఎప్పుడూ లెక్కప్రకారం రాదు కాబట్టి క్యాలెండరును నమ్ముకోను. ఒకసారి వారం ఆలస్యమైతే ఆ వారమంతా 20 మీదే ఉన్నాను. మోతాదు మార్చిన మొదటి రెండు రాత్రులు మూడింటికి అలారం పెట్టుకొని చూసుకుంటాను, 100 కంటే తక్కువుంటే రెండు బిస్కెట్లు తింటాను. గ్లార్జిన్ కంటే ఎక్కువసేపు పని చేసే డెగ్లుడెక్ ఇన్సులిన్ వాడేవారికి ఈ పద్ధతి కుదరదట. దాని మోతాదు మార్చాక పూర్తి ఫలితం తెలియడానికే రెండు మూడు రోజులు పడుతుంది, ఈలోగా నెలసరి వచ్చేస్తుంది. అలాంటివారికి భోజనం ముందు వేసే మందులోనే మార్పులు చెబుతారు.

ఇంకొకటి మా ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను. ఆ రోజుల్లో కడుపునొప్పి, వాంతులు వస్తే నెలసరి నొప్పేలే అని పడుకోబెట్టవద్దని. ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లనే ఆమ్లాలు పెరిగినా అచ్చం అలాగే ఉంటుంది. షుగరు 250 దాటినా, వాంతి అయినా మూత్రంలో ముంచి చూసే కీటోన్ స్ట్రిప్పు వాడాలి. రంగు ముదురుగా మారితే, లేదా నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే, ఇన్సులిన్ ఆపకుండా వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. మందుల దుకాణంలో స్ట్రిప్పులు అన్నిసార్లూ ఉండవు, అందుకని ఒక డబ్బా ముందే తెచ్చి పెట్టుకుంటాను. మూత తీసిన తేదీ దాని మీదే రాస్తాను, తెరిచాక అవి ఎక్కువ కాలం పనికిరావు.