రెండు లక్షలు కుదరవని రాసిన రోజు

జూలై 7, మంగళవారం.

పొద్దున ఆఫీసుకి రాగానే మెయిల్ తెరిస్తే అన్నిటికన్నా పైన ఆ అబ్బాయి జవాబే ఉంది. పోయిన గురువారం ఆఫర్ పంపాం. 13 లక్షల సీటీసీ, అంతా ఫిక్స్‌డే, వేరియబుల్ ఏమీ లేదు. నాలుగేళ్ల అనుభవం, టెస్టింగ్ పని. ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు, అమ్మానాన్నలు ఖమ్మంలో. మూడు రౌండ్లూ బాగా చేశాడు. మెయిల్ కూడా చాలా మర్యాదగా రాశాడు: "పని నచ్చింది మేడమ్, టీమ్ నచ్చింది. 15 లక్షలకి చేయగలిగితే వెంటనే సంతకం పెడతాను."

చదవగానే మా మేనేజర్‌కి ఫోన్ చేశాను. ఆ గ్రేడ్‌కి పై హద్దు 13 లక్షల 20 వేలు. అదే పని చేస్తున్న ఇద్దరు అమ్మాయిలు మా దగ్గరే ఉన్నారు, ఒకరిది 12.6, ఇంకొకరిది 13.1. కొత్తగా వచ్చేవాడికి 15 ఇస్తే వాళ్లిద్దరి ముందూ నేను తలెత్తుకోలేను. ఇది ఊహించి చెప్తున్న మాట కాదు. ఇంతకుముందు పనిచేసిన చోట అచ్చం ఇలాగే ఒకరికి రెండు లక్షలు ఎక్కువిచ్చి తీసుకున్నాం. మూడు నెలలు తిరిగేసరికి టీమ్ అందరికీ తెలిసిపోయింది. అయిదేళ్లుగా ఉన్న మనిషి నా ఎదురుగా కూర్చుని, "నన్ను అడగడం చేతకానిదాన్ననుకున్నారా?" అంది. ఆ నెలలోనే మానేసింది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

అందుకని కాదనే చెప్పాలి. అయితే ఎలా చెప్పాలన్న దగ్గరే రెండు గంటలు పట్టింది.

మొదట రాసింది చదివితే నాకే నచ్చలేదు. "మీ ఆసక్తికి ధన్యవాదాలు, కంపెనీ పాలసీ ప్రకారం ప్రస్తుతానికి వీలుపడటం లేదు" అని మొదలుపెట్టి, కింద పదకొండు సదుపాయాలు వరసగా పేర్చాను. క్యాంటీన్, జిమ్, క్యాబ్, పుట్టినరోజు సెలవు. రెండు లక్షలు అడిగిన మనిషికి జిమ్ చూపిస్తే కరపత్రం పంచినట్టే ఉంటుంది. పైగా "ప్రస్తుతానికి" అన్న మాట అబద్ధం. వారం ఆగి అడిగినా ఈ అంకె మారదు. ఆ మాట చూసి అతను ఇంకో రెండుసార్లు అడుగుతాడు, నేను ఇంకో రెండుసార్లు కాదంటాను, చివరికి ఇద్దరికీ మనసు చెడుతుంది. మొత్తం చెరిపేశాను.

ఈసారి అతను మాతో మాట్లాడినప్పుడు రాసుకున్న నోట్స్ తీశాను. అతను తనంతట తానుగా అడిగినవి మూడే: చేతికి ఎంత వస్తుంది, ఇన్సూరెన్స్‌లో పేరెంట్స్ ఉంటారా, మళ్లీ జీతం ఎప్పుడు పెరుగుతుంది. మెయిల్‌లో ఈ మూడే ఉండాలి అనుకున్నాను.

చేతికొచ్చే లెక్క ఎక్సెల్‌లో వేశాను. 13 లక్షల్లో పీఎఫ్‌లో కంపెనీ వాటా నెలకి 1,800, గ్రాట్యుటీ కింద ఏడాదికి 31,265 పోతే, గ్రాస్ 12 లక్షల 47 వేలు. కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 12 లక్షల లోపే ఉంటుంది, రిబేటు వల్ల పన్ను సున్నా. అతని పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోను నెలకి దాదాపు లక్షా 1,900 చేతికొస్తుంది. అదే 15 లక్షలైతే రిబేటు దాటిపోయి ఏడాదికి 88 వేల పైచిలుకు పన్ను పడుతుంది. అంటే అడిగిన రెండు లక్షల్లో చేతికి మిగిలేది లక్షా ఆరు వేల చిల్లర, నెలకి 8,900.

ఈ రెండో లెక్క మెయిల్‌లో పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. లెక్క నిజమే. కానీ "ఎక్కువిస్తే పన్నుకే పోతుందిగా" అని ఉద్యోగమిచ్చేవాళ్లు అనకూడదు. పన్ను కట్టాక మిగిలిన లక్ష కూడా అతనికి లక్షే. అందుకే మా ఆఫర్‌లో చేతికొచ్చేది మాత్రం నెలవారీగా, పూర్తి ఏడాది లెక్కన విడదీసి రాశాను. పోలిక కావాలంటే అతనే వేసుకుంటాడు.

ఇన్సూరెన్స్ సంగతి. పేరెంట్స్‌కి 5 లక్షల కవర్, ముందునుంచీ ఉన్న జబ్బులకి కూడా చేరిన రోజు నుంచే. విడిగా పాలసీ కొంటే అలాంటివాటికి మూడేళ్ల దాకా ఆగమనే వీలుంది. వాళ్ల నాన్నగారికి స్టెంట్ వేశారని ఫోన్‌లో మాటల్లో చెప్పాడు. ఆ సంగతి మెయిల్‌లో ఎత్తలేదు. నమ్మి చెప్పిన ఇంటి విషయాన్ని బేరంలోకి లాగడం తప్పు. క్లెయిమ్‌లో పది శాతం వాళ్లే పెట్టుకోవాలన్న నిబంధన మాత్రం దాచకుండా ఆ పక్క వాక్యంలోనే రాశాను. చేరాక ఆసుపత్రి బిల్లు కౌంటర్ దగ్గర అది తెలిస్తే మా మీద నమ్మకం ఉండదు.

మూడో దాంట్లో నేనే పొరపడబోయాను. "ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్లు ఉంటాయి" అని రాసేసి, పంపే ముందు తేదీలు చూసుకున్నాను. అతని నోటీసు 90 రోజులు. రేపు రాజీనామా ఇచ్చినా అక్టోబర్ 6కి గానీ రాలేడు. సెప్టెంబర్ 30 తర్వాత చేరినవాళ్లు ఆ ఏప్రిల్ లెక్కలోకి రారు. అంటే మొదటి పెంపు కోసం ఏడాదిన్నర ఆగాలి. నేను రాసిన వాక్యంలో తప్పు లేదు, కానీ అతని విషయంలో అది పచ్చి మోసం అయ్యేది. గుండె ఝల్లుమంది. మేనేజర్ దగ్గరికి, అక్కణ్ణుంచి ఫైనాన్స్ దగ్గరికి వెళ్లాను. జీతం పెంచలేనప్పుడు ఇదైనా చేద్దామని అడిగితే, చేరిన నెలల మేరకి ఏప్రిల్ పెంపులో కలపడానికి ఒప్పుకున్నారు. నోటిమాట కాకుండా మెయిల్‌లో అనుమతి తెప్పించుకుని అప్పుడు రాశాను.

చివరికి పంపింది ఇంగ్లీషులోనే, సారం ఇది:

"మీరు సూటిగా అడిగినందుకు సంతోషం. 15 లక్షలు ఇవ్వలేం, 13 లక్షలే మా చివరి అంకె. ఇది మీ పనితనం మీద తీర్పు కాదు. ఇదే పని, ఇదే అనుభవం ఉన్నవాళ్లకి ఇస్తున్న దానికి సమానంగా ఉండాలన్నదే కారణం. మీరు అడిగిన మూడు విషయాలూ కింద వివరంగా రాశాను. ఇవన్నీ కలిపినా రెండు లక్షలతో సమానం అని నేను అనడం లేదు. మొత్తం చూసుకుని, ఇంట్లో మాట్లాడి నిర్ణయం చెప్పండి. ఏదైనా సందేహం ఉంటే సాయంత్రం ఏడు దాకా ఫోన్‌లో ఉంటాను."

"సమానం అనడం లేదు" అన్న వాక్యం తీసేయమని మా సీనియర్ గట్టిగానే అన్నారు, మన చేత్తో మనమే ఆఫర్ తగ్గించినట్టుందని. నేను ఒప్పుకోలేదు. అది లేకపోతే మిగతా మెయిలంతా అమ్మకంలా వినిపిస్తుంది.

నాలుగున్నరకి ఫోన్ చేశాడు. గొంతులో కాస్త నిరాశ ఉంది, కోపం మాత్రం లేదు. పది శాతం గురించే ఎక్కువ అడిగాడు. ఆపరేషన్ బిల్లు మూడు లక్షలైతే ఎంత కట్టాలి అన్నాడు. క్లెయిమ్ పూర్తిగా ఆమోదిస్తే 30 వేలు, పాలసీ ఒప్పుకోని ఖర్చులు దానికి అదనం అని చెప్పాను. పాలసీ కాపీ పంపుతారా మేడమ్ అంటే అప్పుడే పంపాను. నాన్నతో మాట్లాడాలి, శుక్రవారం దాకా టైమ్ కావాలన్నాడు.

ఆఫర్ గడువు ఎల్లుండితో అయిపోతుంది. దాన్ని శుక్రవారం సాయంత్రం ఆరుకి మార్చి, ఏప్రిల్ పెంపు మాట కూడా అందులో చేర్చి, కొత్త లెటర్ పంపి ఇంటికి బయల్దేరాను.