రోహిణి కార్తెలో 3080: కార్డుని అండర్‌వోల్ట్ చేసిన నా అనుభవం

నాది ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు, 10 జీబీ మోడల్. మాది విజయవాడ, పీసీ ఉన్న గదిలో ఏసీ లేదు. ఈ కార్డు ఫుల్ లోడ్ మీద ఒక్కటే 320 వాట్లు లాగుతుంది, అంటే అంత వేడీ మళ్ళీ ఆ గదిలోకే వస్తుందన్నమాట. చలికాలంలో ఏం తెలీదు కానీ మే నెలాఖరుకి గేమ్ మొదలుపెట్టిన అరగంటకి కోర్ 81 డిగ్రీలు, మెమరీ 104, ఫ్యాన్లు 2200 ఆర్‌పీఎం దాటి తిరిగేవి. పక్క గదిలోంచి అమ్మ "ఏంట్రా ఆ రొద, ఈ టైంలో మిక్సీ ఏంటి" అని అడిగేది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నాకు వినపడదు గానీ ఇంట్లో వాళ్ళకి వినపడుతుంది కదా. అందుకే అండర్‌వోల్ట్ చేద్దామని, అంటే చిప్‌కి వెళ్ళే వోల్టేజ్ తగ్గిద్దామని కూర్చున్నా. ఏం చేశానో, ఎక్కడ ఆగానో, ఎందుకు ఆగానో మొత్తం రాస్తున్నా, ఇదే కార్డు లేకపోయినా 30 సిరీస్ వాళ్ళకి పద్ధతి ఇదే.

ముందు ఇది అసలు ఎందుకు పనిచేస్తుందో చెప్తా. చిప్ తాగే పవర్ ఫ్రీక్వెన్సీతో మామూలుగా పెరుగుతుంది కానీ వోల్టేజ్‌కి మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. 1.0 వోల్ట్ నుంచి 0.85కి దింపితే 0.85ని 0.85తో గుణించినట్టు, దాదాపు 0.72, అంటే అదే క్లాక్ మీద కోర్ వరకు పావు వంతు పైనే పవర్ మిగులుతుంది. మెమరీ, వీఆర్‌ఎం, ఫ్యాన్లు తాగేది అలాగే ఉంటుంది కాబట్టి మొత్తం కార్డు మీద అంత తగ్గదు. మరి కంపెనీ వాళ్ళే తక్కువ పెట్టి ఇవ్వొచ్చు కదా అంటే, వాళ్ళకి అమ్మే చిప్స్‌లో బాగా వచ్చినవీ ఉంటాయి అంతంతమాత్రంగా వచ్చినవీ ఉంటాయి, అన్నీ ఆడాలి కాబట్టి కొంచెం మార్జిన్ వేసి వోల్టేజ్ పెడతారు. మన చిప్‌లో ఆ మార్జిన్ ఎంతుందో వెతికి తీసుకోవడమే ఈ పని, అందుకే పక్కోడి నంబర్లు మనకి యథాతథంగా పనిచేయవు.

దీనికి కావాల్సింది రెండే, సెట్టింగ్స్ మార్చడానికి MSI Afterburner, వేడీ క్లాకూ చూడటానికి HWiNFO64. Afterburnerని ఎమ్ఎస్ఐ సైట్ నుంచో గురు3డీ నుంచో మాత్రమే దింపుకోండి, 2021లో అచ్చం ఎమ్ఎస్ఐ పేజీలా ఉండే దొంగ సైట్ పెట్టి వైరస్ ఉన్న ఫైల్ ఇచ్చారు, అప్పుడు ఎమ్ఎస్ఐనే హెచ్చరిక ఇవ్వాల్సొచ్చింది. HWiNFO64 ఎందుకంటే మెమరీ చిప్స్ వేడి అందులో `GPU Memory Junction Temperature` అని వస్తుంది. ఈ కార్డులో జీడీడీఆర్6ఎక్స్ మెమరీ బాగా వేడెక్కే రకం, కోర్ 70లో చల్లగా ఉన్నా ఇది 100 దాటి ఉండొచ్చు.

ఏమీ మార్చకముందు స్టాక్‌లో ఎలా ఉందో రాసిపెట్టుకున్నా, ఇది లేకపోతే తర్వాత లాభం వచ్చిందో నష్టం వచ్చిందో తెలీదు. ఒకే గేమ్, ఒకే సీన్, ఫ్యాన్ కర్వ్ ముట్టుకోకుండా. అక్కడ గమనించింది ఏంటంటే స్టాక్‌లో కార్డు ఒక క్లాక్ మీద నిలబడట్లేదు, 320 వాట్ల లిమిట్‌కి తగులుకుని 1800కీ 1900 మెగాహెర్ట్జ్‌కీ మధ్య ఊగుతోంది. అంటే వోల్టేజ్ తగ్గించి 1830 మీద స్థిరంగా పెట్టగలిగితే పెర్ఫార్మెన్స్ పోయేది పెద్దగా ఏమీ ఉండదన్నమాట.

ఇప్పుడు అసలు పని. Afterburnerలో Ctrl+F కొడితే కర్వ్ విండో వస్తుంది, అడ్డంగా మిల్లీవోల్ట్స్, నిలువుగా మెగాహెర్ట్జ్. నా కార్డు స్టాక్ కర్వ్‌లో 850 మిల్లీవోల్ట్ దగ్గర 1650 చిల్లర ఉంది. ముందు మెయిన్ విండోలో కోర్ క్లాక్ స్లైడర్‌తో కర్వ్ మొత్తాన్ని పైకి లేపా, 850 పాయింట్ 1830 దగ్గరికి వచ్చేదాకా. తర్వాత Shift పట్టుకుని 850కి కుడి పక్కనున్న ఖాళీని మౌస్‌తో లాగి ఆ పాయింట్లన్నీ సెలెక్ట్ చేసి, వాటిని 1830 కంటే కిందికి దించేసి, మెయిన్ విండోలో టిక్ గుర్తు నొక్కా. అప్పుడు 850 తర్వాత గీత మొత్తం బల్లపరుపుగా అయిపోతుంది. కార్డుకి ఇంక 850 దాటి వోల్టేజ్ పెంచితే వచ్చేదేమీ లేదు కాబట్టి అక్కడే ఆగుతుంది. ఇది కార్డు కొంచెం వేడెక్కాక చేయండి, చల్లగా ఉన్నప్పుడు చేస్తే తర్వాత వేడెక్కేకొద్దీ క్లాక్ 15 మెగాహెర్ట్జ్ చొప్పున మెట్లు దిగుతుంది, పెట్టింది ఒకటి కనపడేది ఒకటి అవుతుంది.

చాలామంది కర్వ్ మొత్తం లేపకుండా 850 దగ్గర ఒక్క పాయింట్‌నే పట్టుకుని పైకి లాగేస్తారు. అదీ పనిచేస్తుంది, కానీ HWiNFO64లో `GPU Effective Clock` చూస్తే 1830 పెట్టినా అసలు నడిచేది అంతకంటే తక్కువ కనపడుతుంది, నాకైతే దాదాపు 40 మెగాహెర్ట్జ్ తక్కువ వచ్చింది. మొత్తం లేపితే రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. అయితే దీనికో రిస్క్ ఉంది, తక్కువ వోల్టేజ్ పాయింట్లు కూడా పైకి లేచాయి కాబట్టి లైట్ లోడ్‌లో, అంటే గేమ్ మెనూలోనో వీడియో చూస్తున్నప్పుడో క్రాష్ అవ్వొచ్చు. అందుకే టెస్ట్ అంటే ఫుల్ లోడ్ ఒక్కటే కాదు.

టెస్టింగ్ దగ్గరే అందరూ తొందరపడతారు. 1830 @ 850తో బెంచ్‌మార్క్ లూప్ అరగంట నడిచింది, మామూలు గేమ్స్ ఆడాయి, పవర్ 245 వాట్ల దగ్గరకి వచ్చింది, అంతా బాగుంది అనిపించింది. సైబర్‌పంక్ 2077లో రే ట్రేసింగ్ పెట్టి తిరిగితే మాత్రం ఒక చోట స్క్రీన్ నల్లబడి గేమ్ డెస్క్‌టాప్‌కి పడిపోయింది. రే ట్రేసింగ్, డీఎల్‌ఎస్‌ఎస్ ఆన్ చేస్తే చిప్‌లో మామూలు గేమ్‌లో ఖాళీగా ఉండే భాగాలు కూడా పనిలోకి దిగుతాయి, వోల్టేజ్ చాలకపోతే ముందు అక్కడే బయటపడుతుంది. ఇది అండర్‌వోల్ట్ వల్లా లేక గేమ్‌లో బగ్గా అని తెలియాలంటే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ చూడండి, నాకు అక్కడ ఈ లైన్ ఉంది:

```
Event ID 4101
Display driver nvlddmkm stopped responding and has successfully recovered.
```

గ్రాఫిక్స్ కార్డు రెండు సెకన్లు జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని రీసెట్ చేస్తుంది, దాని గుర్తు ఇది. ఇది ఒక్కసారి వచ్చినా ఆ సెట్టింగ్ వదిలేయాలి, "మళ్ళీ రాలేదుగా" అని ఉంచుకోకూడదు. క్లాక్ అలాగే ఉంచి వోల్టేజ్ రెండు మెట్లు పెంచా, ఒక్కో మెట్టు 6 మిల్లీవోల్ట్‌ల చిల్లర కాబట్టి 850, 856, 862. 1830 @ 862 దగ్గర అదే చోట, అదే సెట్టింగ్స్‌తో ఎన్నిసార్లు తిరిగినా ఏమీ కాలేదు. ఫర్‌మార్క్‌తో టెస్ట్ చేసి నమ్మకండి, అది తరచుగా పవర్ లిమిట్ కొట్టేసి క్లాక్‌ని కిందికి లాగేస్తుంది, మనం పెట్టిన పాయింట్ దగ్గర కార్డు అసలు నిలబడదు కాబట్టి పాస్ అయినా అర్థం లేదు.

కొంచెం ఓవర్‌క్లాక్ కూడా చేద్దామనుకుంటే కోర్ కంటే మెమరీ దగ్గర చూడటం మేలు, కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలుగా మెమరీ ఎక్కువైతే స్క్రీన్ మీద చుక్కలు, గళ్ళు వస్తాయి, తగ్గిస్తాం. ఈ 3080 మెమరీలో తప్పు పట్టుకుని మళ్ళీ పంపే ఏర్పాటు ఉంది, డేటా పాడైతే అదే మళ్ళీ అడిగి తెప్పించుకుంటుంది, స్క్రీన్ మీద ఏమీ కనపడదు, క్రాష్ కూడా అవ్వదు, FPS మాత్రం చప్పుడు లేకుండా తగ్గుతుంది. "నాది +1200 కూడా స్టేబుల్" అని చెప్పేవాళ్ళలో కొంతమంది స్టాక్ కంటే తక్కువ FPS మీద ఆడుతుండొచ్చు. నేను వందేసి పెంచుకుంటూ ప్రతిసారీ అదే బెంచ్‌మార్క్ వేసి స్కోర్ రాసుకున్నా, +700 దాకా స్కోర్ పెరిగింది, +800కి ఆగిపోయింది, +900కి తగ్గింది. అంటే నా మెమరీకి +700 హద్దు, కానీ ఎండాకాలం హద్దు మీద పెట్టడం నాకిష్టం లేదు, పైగా +700తో మెమరీ వేడి ఇంకో 4 డిగ్రీలు పెరుగుతోంది. +400 దగ్గర ఆపేశా. ఇచ్చేది రెండు మూడు FPS, అంతకంటే ఆశపడకండి.

మొత్తానికి అదే గేమ్, అదే సీన్, అదే ఎండలో కోర్ 81 నుంచి 70, మెమరీ 104 నుంచి 95, పవర్ 255 వాట్లు, ఫ్యాన్లు 1550 ఆర్‌పీఎం, FPS స్టాక్‌తో సమానం. గది వేడి మాత్రం పోదు, బయట 44 ఉంటే లోపలా దానికి తగ్గట్టే ఉంటుంది, కార్డు వదిలే 65 వాట్లు తగ్గాయంతే. మెమరీ 110 దగ్గరకి వెళ్తే కార్డే స్లో చేసుకుంటుంది. అండర్‌వోల్ట్ చేశాక కూడా అక్కడే ఉంటే అది థర్మల్ ప్యాడ్ల సమస్య అయ్యుండొచ్చు, కర్వ్‌తో తీరేది కాదు, విప్పే ముందు వారంటీ షరతులు చదువుకోండి.

కార్డు కాలిపోతుందా అని చాలామంది భయం. వోల్టేజ్ తగ్గిస్తే కాలదు, క్రాష్ అవుతుంది, సేవ్ చేయని పని పోతుంది, అదీ నష్టమే కాబట్టి టెస్టింగ్ టైంలో ముఖ్యమైన ఫైళ్ళు తెరిచి పెట్టకండి. వీడియో రెండరింగ్ లాంటివి చేసేవాళ్ళు గేమర్ల కంటే ఇంకో రెండు మెట్లు ఎక్కువ వోల్టేజ్ పెట్టుకోవడం మంచిది. భయపడాల్సింది ఎదురు దిశలో, కోర్ వోల్టేజ్ స్లైడర్ పెంచడం, వేరే కార్డు బయోస్ ఫ్లాష్ చేయడం, ఈ రెండిటి జోలికి నేను పోలేదు. Afterburner సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ వరకే, రీసెట్ కొడితే స్టాక్‌కి వచ్చేస్తుంది. బయోస్ ఫ్లాష్ అలా కాదు, అది కార్డులోనే మిగిలిపోతుంది.

ఇంకొకటి, విండోస్ ఆన్ అవ్వగానే ఈ సెట్టింగ్ వేసుకునే Startup బటన్ ఉంటుంది కదా, అది వారం పదిరోజులు అన్ని రకాలుగా ఆడి నమ్మకం వచ్చాకే నొక్కండి, ముందే నొక్కితే అన్‌స్టేబుల్ సెట్టింగ్ ప్రతి బూట్‌కీ ఎక్కి కూర్చుంటుంది, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి Afterburner తీసేయాల్సొస్తుంది. నేను ప్రొఫైల్ 1లో ఈ అండర్‌వోల్ట్, ప్రొఫైల్ 2లో స్టాక్ సేవ్ చేసుకున్నా. డ్రైవర్ అప్‌డేట్ అయినా కొత్త గేమ్ వేసినా మళ్ళీ ఒకసారి చూసుకుంటా, ఏదైనా క్రాష్ అయితే ముందు ప్రొఫైల్ 2 నొక్కి అదే చోట ఆడి చూస్తా, స్టాక్‌లో కూడా పడిపోతే తప్పు గేమ్‌ది, పడిపోకపోతే 862ని 868 చేస్తా.