సగటు గుండె వేగం నుంచి క్యాలరీల లెక్క: నా అనుభవం

ట్రెడ్‌మిల్ మీద గంటకు 9 కిలోమీటర్ల వేగంతో 45 నిమిషాలు పరుగెత్తాను. ఛాతీ పట్టీ చూపిన సగటు గుండె వేగం నిమిషానికి 138. నా వయసు 42, బరువు 78 కిలోలు. ఈ వివరాలనే రెండు వేర్వేరు కాలిక్యులేటర్లలో ఇచ్చి చూస్తే ఒకటి 602 క్యాలరీలనీ, మరొకటి 268 క్యాలరీలనీ చెప్పింది. రెండూ తాము వాడుతున్నది 2005లో కీటెల్, సహ పరిశోధకులు ప్రచురించిన సమీకరణమేనని రాసుకున్నాయి. సమీకరణం ఒకటే అయినప్పుడు జవాబులో సగానికి పైగా తేడా ఎలా వచ్చిందో తేల్చుకోవాలనిపించి, కాగితం మీద నేనే లెక్క వేయడం మొదలుపెట్టాను.

మూల సమీకరణం ఇలా ఉంటుంది. ఇందులో HR సగటు గుండె వేగం, W కిలోలలో బరువు, A సంవత్సరాలలో వయసు.

```
పురుషులు: kJ/min = -55.0969 + 0.6309*HR + 0.1988*W + 0.2017*A
స్త్రీలు:    kJ/min = -20.4022 + 0.4472*HR - 0.1263*W + 0.0740*A
```

జవాబు నిమిషానికి కిలోజౌళ్లలో వస్తుంది కాబట్టి దానిని 4.184తో భాగిస్తే మనం వాడుకలో క్యాలరీ అనే కిలోక్యాలరీ వస్తుంది. నా విషయంలో గుండె వేగం నుంచి 87.06, బరువు నుంచి 15.51, వయసు నుంచి 8.47 వచ్చాయి. వాటి మొత్తం నుంచి 55.10 తీసేస్తే మిగిలేది 55.94 కిలోజౌళ్లు, అంటే నిమిషానికి 13.37 క్యాలరీలు. 45 నిమిషాలకు 602 అవుతుంది. మొదటి కాలిక్యులేటర్ లెక్క సరిపోయింది.

రెండో దానిలో బరువు గుణకం 0.1988 బదులు 0.09036 అని ఉంది. మొదట అది వేరే సమీకరణమేమో అనుకున్నాను గానీ, 0.1988ని 0.4536తో గుణిస్తే దాదాపు అదే అంకె వస్తుంది. అంటే బరువును పౌండ్లలో తీసుకోవడానికి మార్చిన రూపమన్నమాట. అంతవరకు ఇబ్బంది లేదు. అసలు చిక్కు దాని ముందున్న గుర్తులో ఉంది. మూలంలో పురుషుల బరువు కూడికలో ఉంటే, ఈ రూపంలో తీసివేతలో ఉంది. స్త్రీల సమీకరణంలోని ఋణ గుర్తు ఎక్కడో ఒకచోట పురుషుల వరుసలోకీ జారి, అక్కడి నుంచి ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయి ఉంటారని నా ఊహ. ఆ ఒక్క గుర్తు వల్ల 15.5 కలవాల్సిన చోట 15.5 తగ్గి, నిమిషానికి 31 కిలోజౌళ్లు మాయమయ్యాయి.

ఏది నిజమో గుండె వేగంతో సంబంధం లేని మరో దారిలో కూడా చూడాలనుకున్నాను. చదునైన నేల మీద పరుగుకు అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వారి సూత్రం ఒకటి ఉంది: నిమిషానికి ఎన్ని మీటర్లు పరుగెత్తామో దానిని 0.2తో గుణించి 3.5 కలిపితే, కిలో బరువుకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడామో వస్తుంది. గంటకు 9 కిలోమీటర్లంటే నిమిషానికి 150 మీటర్లు, కాబట్టి 33.5 మిల్లీలీటర్లు. 78 కిలోలకు అది 2.61 లీటర్లు. లీటరు ఆక్సిజన్‌కు సుమారు 5 క్యాలరీల చొప్పున నిమిషానికి 13.07, మొత్తం 588. రెండు వేర్వేరు దారుల్లో 602, 588 వచ్చాక 268ని పక్కన పెట్టడానికి నాకు సందేహం మిగలలేదు. అయితే ఈ రెండు దారులూ ఇంత దగ్గరగా రావడం కొంత అదృష్టమే. ప్రతి మనిషికీ ఇలా కలుస్తాయని ఆశించకూడదు.

మా అక్కకు కూడా లెక్క వేసి చూపించాను. ఆమె వయసు 44, బరువు 64 కిలోలు. అదే 138 గుండె వేగంతో 45 నిమిషాలకు 392 క్యాలరీలు వచ్చాయి. బరువు దగ్గర 84 వేసి చూస్తే 365కి పడిపోయింది. "ఏమిట్రా ఇది, లావైతే ఖర్చు తగ్గుతుందా?" అని ఆమె అడిగింది. పైకి చూస్తే ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ సమీకరణం పోలుస్తున్నది ఒకే వేగంతో పరుగెత్తే ఇద్దరిని కాదు, ఒకే గుండె వేగం ఉన్న ఇద్దరిని. పరుగు వేగం ఒకటే అయితే ఎక్కువ బరువున్న మనిషికి ఖర్చు ఎక్కువే అవుతుంది, కాకపోతే గుండె కూడా అందుకు తగ్గట్టు వేగంగా కొట్టుకుంటుంది. గుండె వేగాన్ని 138 దగ్గర కట్టి ఉంచినప్పుడు బరువు అనే అంకె, మనిషి దారుఢ్యానికి పరోక్ష సూచికగా పనిచేస్తుంది. అదే పరిశోధనలో దారుఢ్యానికి కొలత అయిన గరిష్ఠ ఆక్సిజన్ వినియోగాన్ని కూడా చేర్చిన రెండో సమీకరణం ఉంది. దానిలో స్త్రీల బరువు గుణకం ధనాత్మకంగా, 0.103గా మారింది. దారుఢ్యాన్ని విడిగా కొలిచి చేర్చగానే గుర్తు తిరగబడిందంటే, మొదటి సమీకరణంలో బరువు ఏ పని చేస్తున్నదో అర్థమవుతుంది.

ఈ సమీకరణం ఎవరి మీద కట్టారో తెలిస్తే దాని హద్దులు కూడా తెలుస్తాయి. క్రమం తప్పకుండా వ్యాయామం చేసే 115 మందిని, 18 నుంచి 45 ఏళ్ల వయసు వారిని, ట్రెడ్‌మిల్ మీదో సైకిల్ మీదో స్థిరమైన తీవ్రతలో ఉంచి కొలిచారు. వారిలో కూడా గుండె వేగం, బరువు, వయసు, లింగం కలిసి వివరించగలిగినది ఖర్చులోని తేడాల్లో దాదాపు 73 శాతమే. కూర్చుని ఉన్న సమయానికి ఇది అసలు పనికిరాదు. నా గుండె వేగం 72 ఉన్నప్పటి వివరాలు వేస్తే నిమిషానికి 3.4 క్యాలరీలు చూపించింది. విశ్రాంతిలో నా శరీరానికి అయ్యే ఖర్చు సుమారు 1.3 మాత్రమే. అందువల్ల వార్మప్‌కు ముందు, వ్యాయామం ముగిశాక గడియారం నడుస్తూ ఉంటే ఆ నిమిషాలన్నీ మొత్తాన్ని ఉబ్బిస్తాయి. ఇంకొకటి, 602 అనేది మొత్తం ఖర్చు. ఊరికే ఉన్నా ఖర్చయ్యే సుమారు 59ని తీసేస్తే పరుగు వల్ల అదనంగా అయినది 543.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడిన పరిశీలన వేడి గదిలో జరిగింది. ఫ్యాన్ లేకుండా, అదే వేగంతో, అంతే సేపు పరుగెత్తితే సగటు గుండె వేగం 149కి చేరింది. చెమట వల్ల రక్తంలో ద్రవం తగ్గి, చల్లబడటానికి చర్మం వైపు ఎక్కువ రక్తం వెళ్లినప్పుడు, ఒక్కో స్పందనకు గుండె పంపే రక్తం తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికి అది మరింత వేగంగా కొట్టుకుంటుంది. కాళ్లు చేసిన పని దాదాపు మారలేదు. కానీ పురుషులకు ప్రతి అదనపు స్పందనకు నిమిషానికి 0.15 క్యాలరీ కలిసే ఈ సమీకరణం, 11 స్పందనలకు సుమారు 75 క్యాలరీలు కలిపి 676 చూపింది. బరువులు ఎత్తేటప్పుడూ, కాఫీ తాగి వచ్చినప్పుడూ ఇలాంటి ఉబ్బు కొంత కనిపిస్తుంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో లెక్క దీనికి విరుద్ధంగా, బాగా తక్కువగా వస్తుంది.

అందుకే ట్రెడ్‌మిల్ మీద వేగం తెలిసిన రోజున నేను పరుగు సూత్రాన్నే నమ్ముతున్నాను. ఎత్తుపల్లాల దారిలో, ఎదురుగాలిలో సైకిల్ తొక్కేటప్పుడు వేగాన్ని బట్టి ఖర్చు కట్టడం సాధ్యం కాదు కాబట్టి అక్కడ గుండె వేగం సమీకరణాన్ని వాడుతున్నాను. అప్పుడు కూడా మొదటి పది నిమిషాల సగటును, చివరి పది నిమిషాల సగటును విడిగా రాసుకుంటాను. శ్రమ మారకుండానే చివరి సగటు బాగా పెరిగితే, మొత్తం లెక్కకు మొదటి భాగం తాలూకు గుండె వేగాన్నే తీసుకుంటాను.