మూడు నెలల డిపాజిట్ ఇస్తానన్నా వద్దన్నారు

నిన్న సాయంత్రం జెర్సీ సిటీలో అద్దె ఒప్పందంపై సంతకం చేసి తాళాలు తీసుకున్నాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. మా హనుమకొండ, కాజీపేటల నుంచి హెచ్‌1బీ మీద వచ్చేవారికి పనికొస్తుంది.

ఇల్లు దొరకడం కష్టం కాలేదు. ఒక పడకగది, నెలకు 2,000 డాలర్లు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రాలేదు కాబట్టి ఆన్‌లైన్ దరఖాస్తు ముందుకు కదలలేదు. కాగితం ఫారం అడిగి పాస్‌పోర్టు, ఐ-94, ఐ-797, కంపెనీ ఆఫర్ లెటర్ జతచేస్తే తీసుకున్నారు. నంబరు గడిలో సున్నాలు నింపమనే మహానుభావుల మాట మాత్రం వినకండి.

ఆ భవనంలో ఏడాది జీతం నెల అద్దెకు 40 రెట్లు, అంటే 80,000 డాలర్లు ఉండాలి. నాది 92,000. అయినా క్రెడిట్ రిపోర్టు ఖాళీగా వచ్చిందని ఆపేశారు. సుబేదారిలో మా ఇంటి రుణాన్ని గడువుకు ముందే తీర్చినవాణ్ణి, ఒక్క కిస్తీ తప్పలేదు. ఆ చరిత్ర ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు.

‘డిపాజిట్ ఎక్కువ కడితే సరిపోతుంది’ అని మా కన్సల్టెన్సీ ఆయన ముందే చెప్పాడు. ఆ మాట నమ్మి నాన్న బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి డబ్బు పంపారు. మూడు నెలల డిపాజిట్ ఇస్తానని అద్దె కార్యాలయంలో ధీమాగా అన్నాను. అక్కడి ఉద్యోగిని తల అడ్డంగా ఊపింది. న్యూజెర్సీ చట్టం ప్రకారం నెలన్నర అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు. నా లెక్కలో అది 3,000 డాలర్లు. పోనీ ఆరు నెలల అద్దె ముందే కడతానంటే, అదీ తమ కంపెనీ తీసుకోదంది. తర్వాత తెలిసిందేమిటంటే, మా కన్సల్టెన్సీ ఆయన ఉండేది డాలస్‌లో. టెక్సాస్ చట్టంలో డిపాజిట్‌కు పరిమితి లేదు. నది దాటి న్యూయార్క్ వెళ్తే ఒక నెలకు మించి అడగకూడదు. రాష్ట్రం పేరు అడగకుండా సలహా ఇచ్చేవారికి ఫీజు కట్టకండి.

మిగిలింది పూచీ సంతకం. పూచీ ఇచ్చేవారి జీతం అద్దెకు 80 రెట్లు, అంటే 1,60,000 డాలర్లు ఉండాలట. ఎడిసన్‌లో మా పెద్దమ్మ కొడుకు ఉన్నాడు. అడగగానే ‘దానిదేముంది, చేస్తాను’ అన్నాడు. కానీ అన్న జీతం ఒక్కటే చాలలేదు, వదిన కూడా సంతకం పెట్టాలన్నారు. అసలు కథ అక్కడ మొదలైంది.

వదిన స్పీకర్ ఫోనులో నన్ను ప్రశ్నించింది. ‘ఉద్యోగం పోతే వీసా మీద ఎక్కువలో ఎక్కువ 60 రోజులు ఉండగలవు. ఒప్పందం 12 నెలలది. నువ్వు వరంగల్ వెళ్లిపోతే 24,000 డాలర్లకు మేము జవాబుదారీనా?’ నోరు మెదపలేకపోయాను. ఈలోగా కాజీపేటలో పెద్దమ్మ ఎవరితో ఏమందో గానీ, నేను అమెరికాలో ఇల్లు కొనడానికి అన్నతో అప్పు సంతకం పెట్టిస్తున్నానని చుట్టాలందరికీ పాకింది. నాన్నకు పరామర్శ ఫోన్లు. రెండు నెలల అడ్వాన్సు చేతిలో పెట్టి ‘మీది ఏ ఊరు?’ అన్న ప్రశ్నకు జవాబిస్తే ఇల్లు దొరికే చోటి నుంచి వచ్చి ఇంత మాట పడాలా అనిపించింది.

మనసు కష్టపడినా, ఆమె అడిగింది న్యాయమే. కాబట్టి కాగితాలు చదివాను. అద్దెదారు మధ్యలో వెళ్లిపోతే యజమాని ఊరికే కూర్చొని ఏడాది అద్దె వసూలు చేయడం న్యూజెర్సీలో కుదరదు. కొత్తవారికి ఇవ్వడానికి తగిన ప్రయత్నం చేయాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1977లోనే తీర్పిచ్చింది. అంటే సాధారణంగా పూచీదారు మీద పడేది ఇల్లు ఖాళీగా ఉన్న నెలల అద్దె, ఏదైనా పాడైతే ఆ ఖర్చు. ఇంకో ప్రమాదం పూచీ పత్రంలోనే దొరికింది. ‘ఒప్పందం పొడిగించినా పూచీ కొనసాగుతుంది’ అని ఒక వాక్యం ఉంది. దాన్ని కొట్టించి, మొదటి 12 నెలలకే పరిమితమని రాయించాను. ఆ మార్పు చూశాకే వదిన సంతకం పెట్టింది. జీతం కాగితాలు వాళ్లే నేరుగా కార్యాలయానికి పంపారు. మీరూ అలాగే చేయించండి, చుట్టాల జీతం మీ కంటపడకపోవడం ఇద్దరికీ మంచిది.

చుట్టాలు లేనివారికి రుసుము తీసుకొని పూచీ ఇచ్చే సంస్థలు ఉన్నాయి. రుసుము కొన్నిసార్లు నెల అద్దెకు దగ్గరగా ఉంటుంది, తిరిగి రాదు, అన్ని భవనాలూ ఒప్పుకోవు. ఫోన్ల గొడవ ముందే తెలిసి ఉంటే నేను అదే కట్టేవాణ్ణి.

నా 3,000 డాలర్లను యజమాని వడ్డీ వచ్చే ఖాతాలో వేసి, ఏ బ్యాంకులో వేశారో 30 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఉత్తరం రాగానే ఒక నకలు వదినకు పంపాలి, ఆమె ఇప్పటికే అడిగింది.