ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టాక కూడా సైటు పేరు ఎలా బయటపడింది: నా అనుభవం

హనుమకొండలో మా ఆఫీసు వైఫై చూసుకునే ఆయనకు, ఎవరు ఏ సైటు చూస్తున్నారో పదిమందిలో చెప్పడం ఓ సరదా. అది పడక, సైటు పేరుకు ఐపీ అడ్రస్ వెతికే డీఎన్ఎస్ ప్రశ్నలను ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్ట్ చేద్దామని, ఫోన్ సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర `dns.quad9.net` అని పెట్టాను. అదేం పెద్ద పని కాదు. నా సొంత సైటు డొమైనుకు, డీఎన్ఎస్ రికార్డుల మీద సంతకం పెట్టే డీఎన్ఎస్‌సెక్ కూడా అప్పుడే ఆన్ చేశాను. డొమైను కొన్నచోట డీఎస్ రికార్డు ఎక్కించాను, `dig +dnssec` జవాబులో, సంతకం సరిపోయిందని చెప్పే `ad` కనబడింది.

మర్నాడు లంచ్‌లో, మేనేజర్ వింటుండగానే, "ఏం భయ్యా, పొద్దుగాల నుంచి జాబుల సైటేనా? హైదరాబాద్ పోతున్నవా?" అన్నాడాయన. అందరూ నవ్వారు. నా ముద్ద గొంతు దిగలేదు.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్‌కు ఫోన్ కలిపి, నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను చూపే వైర్‌షార్క్ తెరిచాను. 853 పోర్టులో వెళ్తున్న డీఎన్ఎస్ ప్రశ్నల్లో ఒక్క అక్షరం చదవడానికి వీల్లేదు. అంటే అక్కడ లీకు లేదు. తర్వాత ఈ ఫిల్టర్ పెట్టాను:

```
tls.handshake.extensions_server_name
```

జాబుల సైటు పేరు పూర్తిగా కనబడింది! ఒకే ఐపీ మీద ఎన్నో సైట్లు ఉంటాయి. ఏ సర్టిఫికెట్ చూపాలో సర్వరుకు తెలియాలి కాబట్టి కనెక్షన్ మొదట్లోనే, ఎన్‌క్రిప్షన్ మొదలవకముందే, ఫోన్ ఆ పేరు చెప్పేస్తుంది. మా పెద్దమనిషి చదివింది దాన్నే. ఏ ఉద్యోగానికి అప్లై చేశానో, పాస్‌వర్డ్ ఏమిటో మాత్రం ఆయనకు దొరకదు.

"మరి సంతకాల డీఎన్ఎస్, అదే డీఎన్ఎస్‌సెక్, ఉంది గదా" అని మా బావమరిది అడిగాడు. ఆ సంతకం రికార్డు డొమైను ఓనరు ఇచ్చిందేనని, దారిలో ఎవరూ మార్చలేదని చెబుతుంది. దేన్నీ దాచదు. పైగా ఆ సంతకాన్ని సాధారణంగా ఫోన్ చూడదు, మన బదులు జవాబు వెతికిపెట్టే సర్వరు, అంటే రిజాల్వర్, చూస్తుంది. రిజాల్వర్ నుంచి ఫోన్ దాకా దారి మామూలుగా ఉంటే మధ్యలో వైఫై ఆయన దొంగ జవాబు పెట్టగలడు. ఆ ముక్కకే ఎన్‌క్రిప్షన్ కాపలా. అయితే రిజాల్వరే అబద్ధం చెబితే ఆ అబద్ధం కూడా భద్రంగానే మన దగ్గరికి వస్తుంది. నేను అడిగిన ప్రతి పేరూ రిజాల్వర్ నడిపేవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

ఒక్క సలహా. ప్రైవేట్ డీఎన్ఎస్ సెట్టింగులో "ఆటోమేటిక్" పెట్టకండి. నెట్‌వర్క్ వాళ్లు 853 మూసేస్తే ఫోన్ చప్పుడు చేయకుండా మామూలు డీఎన్ఎస్‌కు దిగిపోతుంది. సర్వరు పేరు రాసిపెడితే నెట్టే ఆగిపోతుంది. విసుగే, కానీ ఎవరో మూశారని తెలుస్తుంది.

సైటు పేరునూ దాచే ఈసీహెచ్ అనేది ఉంది. దానికి బ్రౌజరూ సైటూ రెండూ ఒప్పుకోవాలి, నా జాబుల సైటులో అది లేదు. ఉన్నా ఐపీ అడ్రస్ కనబడుతూనే ఉంటుంది. ఇప్పుడు ఆ సైటును నా సిమ్ డేటాలోనే తెరుస్తున్నాను. సిమ్ కంపెనీకీ అదే పేరు, అదే ఐపీ కనబడతాయి. కాకపోతే వాళ్లెవరూ మా మేనేజర్ పక్కన కూర్చుని తినరు.